ఈ చెయ్యి ‘వద్దు’ అంటోందా, ‘భయపడకు’ అంటోందా?

[దగ్గరి షాట్: కుడి చెయ్యి మాత్రమే. ముఖం కనిపించకూడదు.]

ఈ చెయ్యి చూడండి. నాలుగు వేళ్ళూ కలిపి చాచాను. బొటనవేలు మడిచి చూపుడువేలి మొదట్లో ఆనించాను. ఏమంటోంది ఇది? ‘వద్దు’ అనా, ‘భయపడకు’ అనా?

[షాట్ వెనక్కి. ముఖం, చెయ్యి రెండూ.]

నా ముఖం కనపడేదాకా చెప్పలేరు. కనుబొమలు ముడిచి చెయ్యి ముందుకు తోస్తే, వద్దని. అదే చెయ్యి భుజం దగ్గర కదలకుండా నిలిపి చూపు చల్లగా ఉంచితే, అభయం.

దీని పేరు పతాకం. నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయ దర్పణం చెప్పిన 28 ఒంటిచేతి హస్తాల్లో మొదటిది. క్లాసులో మొదటి రోజు నేర్పేది కూడా ఇదే. మా చిన్నపిల్ల ఒకతి అడిగింది: “పతాకమంటే జెండా కదా టీచర్, మరి మబ్బెలా అయింది?” మంచి ప్రశ్న. పతాకం అనేది హస్తం పేరు, అర్థం కాదు. మబ్బు, అడవి, రాత్రి, నది, గుర్రం, గాలి, అన్నీ దీంతోనే చూపిస్తాం. వద్దనడమూ, అనుగ్రహించడమూ ఆ ఒక్క శ్లోకాల వరుసలోనే ఉన్నాయి! హస్తాల పట్టిక ఒక్కటే బట్టీ పడితే చాలదని నేను పిల్లల వెంట పడేది అందుకే.

[చెయ్యి నెమ్మదిగా కిందకి తిప్పాలి. వేళ్ళు నేలవైపు, అరచెయ్యి బయటికి.]

ఇప్పుడు వేళ్ళు కిందికి దించాను. ఇది వరదం, ఇచ్చే చెయ్యి. తిరుమల వేంకటేశ్వరుడి కుడి వరదహస్తం ఇలాగే పాదాల వైపు చూపిస్తుంది. ఈ పాదాలు పట్టుకో, చాలు అన్నట్టు. ఎడమ చెయ్యి నడుము దగ్గర ఆని ఉంటుంది, దాన్ని కటిహస్తం అంటారు. నన్ను ఆశ్రయించినవాడికి సంసార సముద్రం నడుము లోతే అని స్వామి చెబుతున్నట్టు పెద్దలు వివరిస్తారు. నాకు ఈ వివరణ మహా ఇష్టం. సముద్రం ఎండిపోతుందని అనలేదు చూడండి, లోతు మాత్రం తగ్గించారు.

[నటరాజ భంగిమ. పూర్తి షాట్, మూడు సెకన్లు కదలకుండా.]

నటరాజస్వామికి నాలుగు చేతులు. వెనక కుడిచేత డమరుకం, ఎడమచేత అగ్ని. ముందు కుడి చెయ్యి అభయం. ముందు ఎడమ చెయ్యి ఏనుగు తొండంలా అడ్డంగా వచ్చి, పైకెత్తిన ఎడమ పాదాన్ని చూపిస్తుంది. కుడి పాదం కింద ఉన్నది అపస్మారుడు, అంటే అజ్ఞానం. భయపడకు అని ఒక చెయ్యి అంటే, ఎక్కడికి రావాలో రెండో చెయ్యి చెబుతోంది. ఈ భంగిమలో నిలబడితే నాకు ముందు వణికేది కుడి పిక్క. నవ్వకండి, ఒకసారి ప్రయత్నించి చూడండి.

[రెండు చేతులూ జోడించాలి. పక్క నుంచి షాట్.]

రెండు పతాకాలు కలిపితే అంజలి, మన నమస్కారం. ఎక్కడ పెట్టాలన్నదానికీ లెక్క ఉంది. దేవుడికి తలపైన, గురువుకి ముఖం ఎదుట, విప్రులకి గుండె దగ్గర. నేను ఒకసారి స్టేజీ మీద టెన్షన్‌లో శివుడికి గుండె దగ్గరే పెట్టి వచ్చేశాను. మా గురువుగారు కోప్పడలేదు. “స్వామిని పక్కింటాయన్ని పలకరించినట్టు పలకరించావే!” అన్నారంతే. ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు.

[నేల మీద షాట్. సాష్టాంగం మగ విద్యార్థి చేసి చూపిస్తాడు.]

సాష్టాంగం అంటే బోర్లా పడుకోవడమే అనుకుంటాం. ఎనిమిది అంగాలు లెక్కపెట్టండి: రొమ్ము, తల, చేతులు, పాదాలు, మోకాళ్ళు. ఐదే అయ్యాయి. మిగతా మూడూ చూపు, మనసు, మాట. అవి నేలకి ఆనేవి కావు, వాటిని వంచడమే కష్టం. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద వంగి చేసేది పంచాంగ నమస్కారం.

[పాదాలు, గజ్జెలు. దగ్గరి షాట్.]

చివరగా, నాట్యానికి ముందు మేం నేలని తాకి కళ్ళకద్దుకుంటాం. ఇంతసేపు నిన్ను తొక్కబోతున్నాం తల్లీ, క్షమించు అని భూదేవిని అడగడం అది. నాట్యం అయ్యాక కూడా ఇదే చేస్తాం.

[వంగి నేలని తాకాలి. మాటలు లేవు, గజ్జెల చప్పుడు మాత్రమే. లేచి తలపైన అంజలి. కట్.]