ఆక్సిజన్ పరికరాలు: కాన్యులా, ఫేస్ మాస్క్, హై ఫ్లో (లెక్చర్ అవుట్‌లైన్)

బి.ఎస్సీ. నర్సింగ్ రెండో సంవత్సరం, మెడికల్ సర్జికల్ నర్సింగ్. గంట క్లాసు. టేబుల్ మీద నేజల్ కాన్యులా, మామూలు మాస్క్, వెంచురీ వాల్వులు, రిజర్వాయర్ సంచి ఉన్న మాస్క్, ఫ్లోమీటర్, హై ఫ్లో సర్క్యూట్. అన్నీ పిల్లల చేతుల్లోకి వెళ్లాలి, దూరం నుంచి చూపిస్తే సరిపోదు.

మొదటి పది నిమిషాలు: రెండు లీటర్లు అంటే ఎంత?

ప్రశ్నతో మొదలు: "కాన్యులాలో రెండు లీటర్లు పెట్టాం. పేషెంటుకు ఎంత శాతం ఆక్సిజన్ అందుతోంది?" అందరూ 28 అంటారు, పుస్తకంలో అదే ఉంది. ఇక్కడ బోర్డు మీద లెక్క వేయాలి.

ప్రశాంతంగా ఉన్న మనిషి గాలి పీల్చే వేగం నిమిషానికి సుమారు 30 లీటర్లు. మనం ఇస్తున్నది 2. మిగతా 28 లీటర్లు వార్డు గాలి, అందులో 21 శాతం ఆక్సిజన్.

`(2 + 28 × 0.21) ÷ 30 = 26%`

అదే మనిషికి ఆయాసం వచ్చి 60 లీటర్ల వేగంతో లాగుతున్నాడనుకోండి:

`(2 + 58 × 0.21) ÷ 60 = 24%`

ముక్కు, గొంతు వెనక కొంత ఆక్సిజన్ నిలవ ఉంటుంది కాబట్టి నిజమైన అంకె కాస్త ఎక్కువే రావచ్చు. కానీ దిశ మారదు. ఫ్లోమీటర్ గోళీ కదలలేదు, అయినా ఆయాసం పెరిగిన పేషెంటుకు అందే శాతం తగ్గింది. ఈ క్లాసంతా ఈ ఒక్క మాట చుట్టూనే: లీటర్లు మనం ఇచ్చేవి, శాతం పేషెంటు ఊపిరిని బట్టి వచ్చేది. ఈ రెండింటి మధ్య తేడా పోయేలా చేసే పరికరాలేవో, చేయలేనివేవో చూద్దాం.

నేజల్ కాన్యులా (త్వరగా)

1 నుంచి 6 లీటర్లు, సుమారు 24 నుంచి 44 శాతం. లీటరుకు నాలుగు శాతం పెరుగుతుందనేది అంచనా మాత్రమే. 4 లీటర్లు దాటితే హ్యుమిడిఫయర్ పెట్టాలి, లేకపోతే ముక్కు ఎండిపోయి రక్తం వస్తుంది. ప్రాంగ్స్ వంపు కిందికి ఉండాలి. చెవుల వెనక చర్మం ప్రతి షిఫ్టులో చూడాలి, పుండు అక్కడే మొదలవుతుంది. పొడి ముక్కుకు వాజలీన్ వద్దు, నీటి ఆధారిత జెల్లీ వాడాలి.

దీని గొప్పతనం: పేషెంటు మాట్లాడగలడు, ఇడ్లీ తినగలడు. మాస్క్ మీద ఉన్నవాళ్లకు భోజనం వేళ మాస్క్ తీసి ఊరికే వదలకండి. డాక్టర్‌ను అడిగి ఆ కాసేపు కాన్యులా పెట్టండి.

ఫేస్ మాస్కులు (ఇరవై నిమిషాలు, తొందర వద్దు)

మాస్క్ అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు వస్తువులున్నాయి. వార్డులో తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

*మామూలు మాస్క్:* 5 నుంచి 10 లీటర్లు, సుమారు 35 నుంచి 60 శాతం. ఐదుకు తగ్గించకూడదు. తగ్గిస్తే వదిలిన కార్బన్ డయాక్సైడ్ మాస్క్‌లోనే మిగిలి, పేషెంటు దాన్నే మళ్లీ పీలుస్తాడు. మూడు లీటర్లు చాలంటే మాస్క్ తీసేసి కాన్యులాకు మారాలి.

*రిజర్వాయర్ సంచి మాస్క్ (ఎన్ఆర్ఎం):* 10 నుంచి 15 లీటర్లు. ముందు వాల్వును వేలితో మూసి సంచి నింపాలి, ఆ తర్వాతే ముఖానికి పెట్టాలి. ఊపిరి పీల్చినప్పుడు సంచి కొంచెం తగ్గవచ్చు, పూర్తిగా ముడుచుకుపోకూడదు.

నేను డ్యూటీలో చేరిన కొత్తలో ఒక రాత్రి ఇలాంటి మాస్క్ పెట్టిన పెద్దాయన చేత్తో మాస్క్ లాగేస్తూనే ఉన్నారు. "సహకరించట్లేదు" అని ఫైల్లో రాశాను. సీనియర్ సిస్టర్ వచ్చి సంచి చూపించారు: అతుక్కుపోయి ఉంది, ఫ్లోమీటర్ నాలుగు మీద ఉంది. ఆయన ఊపిరి ఆడక తీసేస్తున్నారు. మాస్క్ లాగేసే పేషెంటు కనిపిస్తే చేతులు కట్టే ముందు సంచి చూడండి, ఫ్లో చూడండి, శాచురేషన్ చూడండి. ఇది పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

*వెంచురీ:* ఈ మూడింటిలో శాతం ఖాయంగా ఇచ్చేది ఇదొక్కటే. 28 శాతం వాల్వులో 4 లీటర్ల ఆక్సిజన్ వెళ్తూ పక్క కిటికీల నుంచి 40 లీటర్ల గాలిని లాక్కుంటుంది. మొత్తం 44 లీటర్లు, అంటే ప్రశాంతంగా ఉన్న మనిషి లాగే 30 కంటే ఎక్కువ. పేషెంటు లాగే వేగం ఈ 44 దాటనంత వరకు బయటి గాలి కలవదు, శాతం మారదు. దుప్పటి ఆ కిటికీల మీద పడితే లెక్క తప్పుతుంది. రంగులు కంపెనీని బట్టి మారవచ్చు, వాల్వు మీద ముద్రించిన శాతం, లీటర్లు చదవండి.

ఎవరికి? సీఓపీడీ వాళ్లకు. చలికాలంలో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పోస్టింగుకు వెళ్లినప్పుడు చూస్తారు: బీడీ ముట్టని ఆడవాళ్లు కూడా ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు వండి ఈ జబ్బుతో వస్తారు. వీళ్లకు శాచురేషన్ లక్ష్యం 88 నుంచి 92 శాతం, మిగతా చాలామందికి 94 నుంచి 98. "పాపం ఆయాసపడుతోంది" అని ఎన్ఆర్ఎం పెట్టి 100 తెప్పిస్తే కార్బన్ డయాక్సైడ్ పెరగొచ్చు: తలనొప్పి, మగత, చాచిన చేతుల్లో వణుకు. మగతగా ఉంటే "హాయిగా నిద్రపోతోంది" అని వదలకండి, లేపి మాట్లాడించండి.

హై ఫ్లో (పదిహేను నిమిషాలు)

మొదట పెట్టిన లెక్కకు జవాబు ఇది. నిమిషానికి 60 లీటర్ల వరకు, 37 డిగ్రీలకు వేడిచేసి తేమ కలిపిన గాలి. శాతం 21 నుంచి 100 వరకు విడిగా పెట్టుకోవచ్చు. ఆయాసంలో లాగే వేగానికి సరిపోతుంది, గొంతులో మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కడిగేస్తుంది, కొద్దిగా పీడనం కూడా ఇస్తుంది. తేమ వల్ల కఫం పలచబడుతుంది.

నర్సు పని: ప్రాంగ్ ముక్కు రంధ్రంలో సగానికి మించకూడదు. మెషిన్ వేడెక్కాకే పెట్టాలి. స్టెరైల్ వాటర్ సంచి అయిపోకుండా చూడాలి. ట్యూబులో చేరిన నీరు పేషెంటు వైపు పారకూడదు.

అసలు భయం వేరే. సౌకర్యంగా ఉండటం వల్ల పేషెంటు అలసిపోతున్న సంగతి కప్పబడిపోతుంది, ఇంట్యుబేషన్ ఆలస్యమవుతుంది. రాక్స్ లెక్క నేర్పాలి:

`ROX = (SpO2 ÷ FiO2) ÷ RR`

ఉదాహరణ: శాచురేషన్ 92, ఆక్సిజన్ 60 శాతం (0.6), ఊపిరి నిమిషానికి 32. జవాబు 4.79. న్యుమోనియా పేషెంట్లలో 2, 6, 12 గంటల దగ్గర 4.88 లేదా ఆపైన ఉంటే కొంత ధీమా. ఇతను ఆ గీత కింద ఉన్నాడు, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. అంకె బాగున్నా మెడ కండరాలు ఎగసిపడుతుంటే, వాక్యం పూర్తి చేయలేకపోతుంటే అంకె కోసం ఆగకండి.

సిలిండర్ లెక్క (ఐదు నిమిషాలు, బోర్డు మీద)

బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. కాన్యులా 2 లీటర్లతో పన్నెండున్నర గంటలు. ఎన్ఆర్ఎం 15 లీటర్లతో గంటా నలభై నిమిషాలు. హై ఫ్లో 60 లీటర్లు, 100 శాతం మీద 25 నిమిషాలు. స్కాన్‌కు తీసుకెళ్లే ముందు, లిఫ్ట్ ఆలస్యం కూడా కలిపి ఈ లెక్క వేయాలి.

చివరి పది నిమిషాలు: పిల్లలే చెప్పాలి

ఒకటి: 62 ఏళ్ల సీఓపీడీ ఆమె, శాచురేషన్ 84, మెలకువగా ఉంది. ఏ పరికరం, ఎంత, లక్ష్యం ఎంత?

రెండు: న్యుమోనియా ఉన్న 40 ఏళ్ల ఆటో డ్రైవర్, ఎన్ఆర్ఎం 15 లీటర్ల మీద 88, ఊపిరి 36. ఎవరిని పిలుస్తారు, వాళ్లు వచ్చేలోపు ఏం చేస్తారు?

మూడు: కాన్యులా మీద ఉన్న అవ్వకు శాచురేషన్ ఉన్నట్టుండి 79. నడుస్తూనే చెప్పాలి: ముందు అవ్వ ముఖం, తర్వాత ట్యూబు, గోడ కనెక్షన్, వేలి చల్లదనం, గోళ్ల రంగు.

రేపటి వార్డుకు: ప్రతి ఒక్కరూ ఒక పేషెంటు దగ్గర నిలబడి పరికరం, లీటర్లు, ఊపిరి సంఖ్య (పూర్తి నిమిషం లెక్కపెట్టి), శాచురేషన్ రాసుకురావాలి.