పైకి రండి, నీళ్లు తాగి పోదురు

పోయిన శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయితుండె, ఎండ ఎట్లుందంటే బాల్కనీలో ఆరేసిన బట్టలు పావుగంటకే అప్పడాల్లెక్క అయినయ్. అన్నం వడ్డించుకుంటుంటే ఫోన్.

"హలో మేడం, మీ పార్సల్ ఉంది, మిక్సీ డబ్బా. లొకేషన్ కాడికొచ్చిన, గేటుకి తాళమేసి ఉంది."

మళ్లీ అదే కథ. మ్యాప్ అందర్నీ మా వెనక గల్లీకే తీస్కపోతది. అక్కడ మా అపార్ట్‌మెంట్ గోడకి ఓ ఇనుప గేటు ఉంటది గాని మేం ఈ ఇంట్లోకి వచ్చి నాలుగేండ్లాయె, అది తీసింది నేనెప్పుడూ చూడలే.

"తమ్ముడూ, ఆ గేటు తియ్యరు, నువ్వు వెనక దిక్కున్నవ్. నీ ముందల కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉందా?"

"ఉంది మేడం."

"ఆఁ, ఇంకో సందులకి పోకు, వచ్చిన తొవ్వలనే మెయిన్ రోడ్డుకి పో. పైన ఫ్లైఓవర్ కనిపిస్తది చూడు, దాని పిల్లర్ల మీద నంబర్లుంటయ్, 150 దగ్గర తేల్తవ్. అక్కడ లెఫ్ట్ తిరుగు, మెహదీపట్నం దిక్కు. నంబర్లు తగ్గుకుంట రావాలె, పెరుగుతున్నయంటే రాంగ్ రూట్‌ల పోతున్నవన్నట్టు. 143 రాంగనే మెడికల్ షాపు, దాన్ని ఆనుకొని మటన్ షాపు, ఆ రెంటి మధ్యల గల్లీ, లోపలికి మూడో బిల్డింగ్, కింద టైలర్ ఉంటడు."

"143, మెడికల్, మటన్, టైలర్" అని వెనక్కి అప్పజెప్పిండు. అట్ల అప్పజెప్పినోళ్లు తప్పిపోరు, అది నా అనుభవం. మా హైదరాబాద్ అత్తాపూర్‌ల ఇంటి నంబరు చెప్తే మా పక్కింటోళ్లకే తెల్వదు, పిల్లర్ నంబరు చెప్తే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎవ్వరైనా వస్తరు. ఆ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ పైనుంచి ఎయిర్‌పోర్టుకి పోయేటోళ్లకి ఎంత పనికొస్తదో గాని కింద ఉండే మాకు అదే అడ్రస్.

అయిదు నిమిషాలకి ఇంటర్‌కామ్ మోగింది, వాచ్‌మన్ యాదగిరి అన్న.

"మేడం, డెలివరీ వచ్చిండు, పంపాల్నా?"

"అన్నా, లిఫ్ట్ ఇంకా బాగుకాలే కదా, ఆ డబ్బా బరువుంటది, నాలుగంతస్తులు ఎక్కనియ్యకు. నేనే బాబుని తీస్కొని దిగుతున్న, జరసేపు నీ కుర్చీల కూర్చోబెట్టు, ఫ్యాన్ కింద."

"చెప్పిన మేడం, వినలే, ఎక్కుతనే ఉన్నడు. రెండో ఫ్లోర్ దాటి ఉంటడు ఈపాటికి."

ఇంక నేను చెప్పులేస్కునే లోపలే మెట్ల మీద చప్పుడు, బెల్. తలుపు తీసి "అయ్యో తమ్ముడూ, ఇంత ఎండల..." అని అన్ననో లేదో ఆయన హెల్మెట్ తీసిండు. గడ్డమంత తెల్లగ. మా పెద్దన్న కన్నా రెండేండ్లు పెద్దనే ఉంటడు. ఫోన్‌ల గొంతు మాత్రం డిగ్రీ చదివే పిల్లగాని లెక్క ఉండె, నేనేమో నువ్వు నువ్వు అనుకుంట లెఫ్ట్ తిరుగు రైట్ తిరుగు అని పంపిన. నాకు సిగ్గనిపించింది.

"నమస్తే అన్నా, ఏమనుకోకండి, గొంతు విని చిన్నపిల్లగాడనుకున్న."

నవ్విండు. "ఏం కాదమ్మా, పొద్దుగాల్నుంచి తమ్ముడనే పిలుస్తున్నరు అందరు, మా ఇంట్ల చెప్తే నమ్మరు. ఓటీపీ చెప్పుర్రి."

"ఓటీపీ చెప్తా గాని ముందు ఆ డబ్బా కింద పెట్టండి. లోపలికి రండి, ఫ్యాన్ కింద ఒక్క నిమిషం కూసోండి."

"వద్దమ్మా, బూట్లు ఇప్పాలె, మళ్ల ఏస్కోవాలె, ఇంకా పదకొండున్నయ్."

"సరే, బయటనే ఉండండి, నీళ్లు తెస్త. ఫ్రిజ్‌వా, రంజన్ కుండవా?"

ఈ మాట అడగంగనే మొహం మారింది. "రంజన్ ఉందా అమ్మా? అవే ఇయ్యుర్రి. ఎండల నుంచి వచ్చి ఫ్రిజ్‌వి తాగితే గొంతు పడ్తది, మొన్న రెండు రోజులు డ్యూటీ పోయింది."

స్టీలు చెంబు నిండ ముంచి గ్లాసుతోటి ఇచ్చిన. మొదలు ఒక దోసెడు తీస్కొని "జర మొహం మీద కొట్టుకుంటనమ్మా, మెట్లు తడుస్తయ్" అని అడిగి మరీ కొట్టుకున్నడు, మెడ వెనక ఓ చెయ్యి తడి పెట్టుకున్నడు. ఆ తర్వాత మెట్టు మీద కూసోని తాగిండు, గడగడ కాదు, ఒక గుక్క, ఆగి ఊపిరి, ఇంకో గుక్క. మా నానమ్మ కూడ నిలబడి తాగనియ్యకపోయేది, ఎండకొచ్చినోళ్లని అసలే తాగనియ్యకపోయేది, దమ్ము తీస్కోరా అని కాసేపు కూసోబెట్టి అప్పుడిచ్చేది.

"ఇంకో చెంబు?"

"చాలమ్మా. ఇగ ఈ బాటిల్‌ల నింపిస్తరా?"

బండి డిక్కీల పెట్టుకునే లీటర్ బాటిల్, పట్టుకుంటే నీళ్లు వేడి, చాయ్ పెట్టుకోవచ్చు. అవి తులసి కుండీల కూడ పొయ్యలేదు, మొక్క మాడిపోతదని, సింకులనే పారబోసి మళ్లీ నింపిన. బాబు రెండు ఉప్పు బిస్కెట్ పాకెట్లు తెచ్చిస్తే ఒక్కటే తీస్కున్నడు. వేరే అపార్ట్‌మెంట్లల్ల లిఫ్ట్ మంచిగున్నా డెలివరీ వాళ్లు ఎక్కొద్దని కాగితం అంటిస్తరట, అందుకే ఆయనకి మెట్లు అలవాటేనట. ఏం చెప్పాలె దానికి.

"7-3-8-1, ఓటీపీ."

"అయిపోయిందమ్మా. అమ్మా, ఒక్కటి అడుగుత, పిల్లర్ 191 ఉప్పర్‌పల్లి అంట, ఇట్ల గల్లీలల్ల నుంచే పోవచ్చా?"

"వద్దన్నా, గల్లీలల్లకి పోతే మధ్యల డ్రైనేజీ తవ్విండ్రు, ఇరుక్కుంటరు. మా గల్లీ బయటకి పోయినంక రైట్‌కి కొట్టబుద్ధయితది, కొట్టకండి, అది రాంగ్ సైడ్, ముందల ట్రాఫిక్ వాళ్లు ఫోటో తీస్తరు, మీ ఈరోజు కమాయి అంత చలానాకే పోతది. లెఫ్టే తీస్కోండి, కొంచెం ముందల ఫ్లైఓవర్ కింద యూటర్న్ వస్తది, అక్కడ తిరిగి సీదా. ఇప్పుడు నంబర్లు పెరుగుకుంట పోవాలె. 180 దాటినంక స్లో చేస్కోండి."

"ఇందాక తగ్గాలె, ఇప్పుడు పెరగాలె" అనుకుంట దిగిండు.

తలుపేసి అన్నం ముందల కూసున్ననో లేదో చూస్తే ఆ నింపిన బాటిల్ చెప్పుల స్టాండ్ మీదనే ఉంది. ఇంటర్‌కామ్ అందుకున్న.

"యాదగిరన్నా! ఇప్పుడు దిగిన ఆయన పోయిండా?"

"బండి స్టార్ట్ చేస్తున్నడు మేడం."

"ఆపు ఆపు, బాటిల్ మర్చిపోయిండు, బాబు తెస్తున్నడు!"

వాడు రెండేసి మెట్లు దుంకుకుంట పోయిండు. ఇంటర్‌కామ్‌ల గేటు కాడి మాటలు వినిపిస్తనే ఉన్నయ్, యాదగిరన్న ఫోన్ పెట్టడం మర్చిపోయిండు.

"ఇగో అంకుల్."

"అరె, థాంక్స్ బేటా. మీ అమ్మకి చెప్పు, లెఫ్టే తీస్కుంటనని."