నెట్ రావట్లేదా? ఫ్లోచార్ట్ బొమ్మ మొత్తం అక్షరాల్లో

నెట్ రాకపోతే ఏం చేయాలో గళ్ళు, బాణాలతో చూపించే ఫ్లోచార్ట్ బొమ్మ ఒకటి ఉంది. ఆ బొమ్మని స్క్రీన్ రీడర్ చదవదు, ఫోన్‌లో జూమ్ చేస్తే గళ్ళు కనిపిస్తాయి గానీ బాణం ఎటు పోయిందో తెలీదు, అందుకే మొత్తం ఇలా రాసి పెట్టాను. విండోస్ కంప్యూటర్, వైఫై, ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్ళకి మాత్రమే. నంబర్లు బొమ్మలో లేవు, నేను పెట్టినవి. బొమ్మలో అవును ఆకుపచ్చ బాణం, కాదు ఎర్ర బాణం. ఇక్కడ రంగుతో పని లేదు, మాటే రాశాను.

కుడి మూలన విడిగా ఒక గడి ఉంది, దానికి బాణాలేమీ లేవు, కానీ అన్నిటికన్నా ముందు చదవాల్సింది అదే: "ఒకే పని గడికి రెండోసారి వస్తే నేరుగా చివరికి వెళ్ళండి." ఇక్కడ చివర అంటే 17. ఇది వదిలేస్తే 2కీ 6కీ మధ్య తిరుగుతూనే ఉంటారు.

1. మొదలు: కంప్యూటర్‌లో నెట్ రావట్లేదు. 2కి వెళ్ళండి.

2. ప్రశ్న: అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో నెట్ వస్తోందా? మొబైల్ డేటా ఆపేసి చూడాలి, లేకపోతే ఫోన్ దాని డేటాతో నెట్ తెచ్చేసుకుని మిమ్మల్ని మోసం చేస్తుంది.
అవును: 7కి వెళ్ళండి.
కాదు: 3కి వెళ్ళండి.

3. ప్రశ్న: ఫైబర్ వచ్చే డబ్బా మీద LOS అని రాసిన లైటు ఎర్రగా వెలుగుతోందా?
అవును: 4కి వెళ్ళండి.
కాదు: 5కి వెళ్ళండి.

4. ముగింపు: ఫైబర్‌లో సిగ్నలే రావట్లేదు. సన్న వైరు ఎక్కడైనా మడత పడిందేమో, ఊడిందేమో చూడండి. బాగానే ఉంటే కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేయడమే, మిగతా గళ్ళతో లాభం లేదు.

5. పని: రౌటర్ ఆపి, 30 సెకన్లు ఆగి, మళ్ళీ ఆన్ చేయండి. లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగి 6కి వెళ్ళండి.

6. ప్రశ్న: ఇప్పుడు కంప్యూటర్‌లో నెట్ వస్తోందా?
అవును: 16కి వెళ్ళండి.
కాదు: వెనక్కి 2కి వెళ్ళండి.

7. ప్రశ్న: కంప్యూటర్ వైఫైకి కనెక్ట్ అయి ఉందా?
అవును: 9కి వెళ్ళండి.
కాదు: 8కి వెళ్ళండి.

8. పని: ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆపి, వైఫై ఆన్ చేసి, పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టి కనెక్ట్ అవ్వండి. తర్వాత 6కి వెళ్ళండి.

9. పని: కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి, తర్వాత 10కి వెళ్ళండి.

```
ipconfig
```

10. ప్రశ్న: వైఫై భాగంలో IPv4 Address ఎదురుగా ఉన్న నంబరు 169.254 తో మొదలవుతోందా? అలా ఉంటే రౌటర్ నుంచి అడ్రస్ అందక, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. దాంతో బయటికి వెళ్ళలేదు.
అవును: 11కి వెళ్ళండి.
కాదు: 12కి వెళ్ళండి.

11. పని: ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టి 6కి వెళ్ళండి.

```
ipconfig /release
ipconfig /renew
```

12. ప్రశ్న: కింది కమాండ్ కొడితే జవాబు వస్తోందా?

```
ping 8.8.8.8
```

బొమ్మలో "Reply అని వస్తే అవును" అని ఊరుకున్నారు, అది సరిపోదు. Destination host unreachable అని వచ్చే లైను కూడా Reply from తోనే మొదలవుతుంది. లైనులో time, TTL రెండూ ఉంటేనే అవును అనుకోండి.
అవును: 13కి వెళ్ళండి.
కాదు: 15కి వెళ్ళండి.

13. పని: లైను బాగానే ఉంది, సైటు పేరుని అడ్రస్‌గా మార్చే దగ్గరే తేడా ఉండొచ్చు. ఇది కొట్టండి, కంప్యూటర్‌లో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో కూడా చూడండి, తేదీ తప్పుగా ఉంటే చాలా సైట్లు తెరుచుకోవు. తర్వాత 14కి వెళ్ళండి.

```
ipconfig /flushdns
```

14. ప్రశ్న: బ్రౌజర్‌లో సైట్లు తెరుచుకుంటున్నాయా?
అవును: 16కి వెళ్ళండి.
కాదు: 17కి వెళ్ళండి.

15. పని: వీపీఎన్ ఉంటే ఆపేసి 6కి వెళ్ళండి. ఇక్కడ్నుంచి వెనక్కి వెళ్ళే గీత బొమ్మలో 13 బాణాన్ని అడ్డంగా దాటుతుంది, కలిసినట్టు కనిపిస్తుంది గానీ కలవదు.

16. ముగింపు: నెట్ వచ్చింది.

17. ముగింపు: కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేయండి. ఏ నంబరు దగ్గర ఆగారో, 10లో ఏ అడ్రస్ కనిపించిందో, 12లో ఏం వచ్చిందో చెప్పండి, "రౌటర్ ఆపి ఆన్ చేశారా" అని మళ్ళీ మొదటి నుంచీ అడగకుండా ఉంటారు.