సంతకం చేయాలా వద్దా: మీ డిజైన్ కాంట్రాక్ట్ గురించి

మీరు పంపిన ఏడు పేజీలూ చదివాను. సంతకం పెట్టాలా వద్దా అన్నది నేను చెప్పలేను, ఈ పని మీకెంత అవసరమో, చేతిలో ఇంకేం పనులున్నాయో నాకు తెలియదు కాబట్టి. రిస్క్ ఎక్కడుందో మాత్రం చెప్తాను.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది 9వ క్లాజు. మీ పని వల్ల క్లయింటుకు ఏ నష్టం వచ్చినా మొత్తం మీరే భరించాలట, గరిష్ఠంగా ఇంత అన్న హద్దు ఎక్కడా లేదు. అంటే మీకొచ్చే ఫీజు కంటే ఎన్నో రెట్లు కట్టాల్సి రావచ్చు. ఫీజు మొత్తానికి మించకూడదని రాయమని అడగొచ్చు, చాలామంది అడుగుతారు కూడా.

4వ క్లాజులో "సంతృప్తికరంగా పూర్తయ్యాక 60 రోజులకు" చెల్లిస్తామన్నారు. సంతృప్తి అంటే ఏమిటో, ఎన్నిసార్లు మార్పులు చేయించుకోవచ్చో లేదు. పైగా 6వ క్లాజు ప్రకారం ఫైల్ ఇచ్చిన క్షణమే హక్కులు వాళ్లవి, డబ్బు అందకపోయినా సరే. ఈ రెండూ కలిపి చదవండి: డిజైన్ వాళ్లదైపోతుంది, డబ్బు ఎప్పుడొస్తుందో మాత్రం వాళ్ల సంతృప్తి మీదే ఆధారపడి ఉంటుంది.

వాళ్లు 7 రోజుల నోటీసుతో కాంట్రాక్ట్ ఆపేయొచ్చు, మీరు ఆపాలంటే 90 రోజుల నోటీసు ఇవ్వాలి. గోప్యత క్లాజు మామూలే.

3వ పేజీలో చెప్పిన అనుబంధం-బి మీరు పంపినదాంట్లో లేదు, అది తెప్పించుకుని, 9వ క్లాజు ఒక్కటైనా మీ ప్రాంతపు లాయరుకు చూపించండి.