మూటలాట (8వ తరగతి బి సెక్షన్, వ్యాయామ విద్య, ఎఫ్‌ఏ-2 ప్రాజెక్ట్ పని)

గ్రూప్ 4, రోల్ నంబర్లు 7, 12, 19, 23, 31

ఎందుకు ఈ ఆట
పీటీ పీరియడ్‌లో ఎప్పుడూ ఆ పది పన్నెండు మందే ఆడతారు సార్, మిగతావాళ్ళు వేపచెట్టు కింద కూర్చుంటారు, మాలో ముగ్గురం అలా కూర్చునేవాళ్ళమే. అందుకే అందరికీ పని ఉండే ఆట తయారు చేద్దాం అనుకున్నాం. కబడ్డీలోంచి కూత, ముట్టుకునే ఆటల్లోంచి ముట్టుకుంటే ఆగిపోవడం తీసుకున్నాం, మిగతాదంతా మేమే ఆలోచించాం.

కావలసినవి
పాత కాటన్ గుడ్డలతో పిడికిలంత మూటలు 15, వాటిలో 3 ఎర్రవి. లోపల గుడ్డే ఉండాలి, ఇసుక వద్దు, ఎందుకంటే మొదటిరోజు ఇసుక పోసి కడితే ఒక మూట చిరిగి 19వ నంబర్ కళ్ళలో పడింది. మూటలు పెట్టడానికి గోనెసంచి పరుస్తాం. ముందు బకెట్ పెట్టాం కానీ పరిగెత్తుకొచ్చేవాళ్ళ కాళ్ళకి తగులుతోంది. గీతలకి ముగ్గుపిండి, సున్నం మాత్రం వాడొద్దు, కళ్ళు మండుతాయి. ఇంకా విజిల్, వాచీ.

కోర్టు
గ్రౌండ్‌లో గీసి ఉన్న అమ్మాయిల కబడ్డీ కోర్టే చాలు, 12 మీటర్లు పొడవు, 8 మీటర్లు వెడల్పు. ఒక చివర ఇల్లు, అక్కడే గోనెసంచి. రెండో చివర మూటల గుండ్రం. మధ్యలో 4 మీటర్ల పట్టీ, దాంట్లో కాపలావాళ్ళు. వాళ్ళు పట్టీ దాటి ఇటూ అటూ రాకూడదు.

ఎలా ఆడాలి
జట్టుకి ఆరుగురు. ఒక జట్టు మూటలు తెస్తుంది, ఇంకో జట్టు కాపలా కాస్తుంది, 4 నిమిషాలయ్యాక మారతారు. తెచ్చే జట్టు ఇంటి గీత వెనక వరసగా నిలబడుతుంది, ఒకేసారి ఇద్దరే బయల్దేరాలి. ఇంటి దగ్గర ఊపిరి పీల్చుకుని "మూట మూట మూట" అని కూత పెడుతూ పట్టీ దాటాలి, గుండ్రంలోకి వెళ్ళాక ఊపిరి తీసుకోవచ్చు, అక్కడ ఒక్క మూట తీసుకుని మళ్ళీ కూతతోనే రావాలి. పట్టీలో కూత ఆగినా కాపలావాళ్ళు ముట్టుకున్నా అక్కడే ఆగిపోవాలి, అప్పుడు వరసలో తర్వాతివాళ్ళు బయల్దేరతారు. తమ జట్టువాళ్ళు వచ్చి ముట్టుకుంటే ఆగినవాళ్ళు మళ్ళీ కదలొచ్చు, చేతిలో మూట ఉంటే అది వాళ్ళదే. ఆరుగురూ ఆగిపోతే ఆ వంతు అయిపోయినట్టే.

కాపలా జట్టులో ముగ్గురు పట్టీలో, ముగ్గురు బయట. నిమిషానికోసారి విజిల్ పడగానే మారాలి, లేకపోతే బాగా ఆడేవాళ్ళే లోపల ఉండిపోతారు. మామూలు మూటకి 1 పాయింటు, ఎర్ర మూటకి 3. సమానం అయితే చెరో నిమిషం అదనం.

నడక రూల్
మా 31వ నంబర్‌కి ఆయాసం ఉంది, కూత పెట్టలేడు. ముందు స్కోరు రాయమన్నాం, రెండు రోజులు రాసి మూడోరోజు నేనూ ఆడతా అన్నాడు, ఆరోజు మాకు చాలా బాధేసింది, అసలు కూర్చోబెట్టకూడదనే కదా ఈ ఆట మొదలుపెట్టాం. అందుకే ఈ రూల్ పెట్టాం: కూత పెట్టలేనివాళ్ళు కూత లేకుండా వెళ్ళొచ్చు కానీ నడవాలి, పరిగెత్తకూడదు. వాళ్ళని పట్టుకోవాలంటే కాపలావాళ్ళు ఉన్నచోటి నుంచి అడుగు కదపకుండా చేయి చాపి ముట్టుకోవాలి. ఇది ఈజీ అయిపోతుందేమో అని కొందరు అన్నారు, ఆడి చూస్తే 4 నిమిషాల్లో వాడు 2 మూటలు తెచ్చాడు, మాలో ఎక్కువ మంది కూడా రెండేసే తెచ్చాం.

జాగ్రత్తలు
ఆడే ముందు అందరూ వరసగా నడిచి రాళ్ళు, గాజుపెంకులు ఏరాలి. గాజులు, గడియారాలు, పిన్నులు తీసేయాలి, చున్నీ నడుముకి కట్టుకోవాలి. బూట్లయితే అందరూ బూట్లు, లేకపోతే అందరూ వట్టికాళ్ళు, కలిపితే వేళ్ళు తొక్కుతారు. ముట్టుకోవడం అంటే భుజానికీ నడుముకీ మధ్య వీపు మీద అరచేత్తో మాత్రమే, లాగితే, తోస్తే అవతలి జట్టుకి 2 పాయింట్లు. గుండ్రంలో ఒకేసారి ఇద్దరు వంగొద్దు, ఒకరు తీశాకే ఇంకొకరు, మాలో ఇద్దరి తలలు గుద్దుకుని 12వ నంబర్‌కి బొప్పి కట్టింది కాబట్టి ఈ రూల్ తప్పనిసరి.

కూత బలవంతంగా లాగొద్దు, కళ్ళు తిరిగినట్టుంటే చెయ్యెత్తి కూర్చోవాలి, దానికి పాయింట్లు పోవు. ఆయాసం ఉన్నవాళ్ళ ఇన్‌హేలర్ రిఫరీ జేబులో ఉండాలి, క్లాస్‌రూమ్ బ్యాగులో కాదు. మధ్యాహ్న భోజనం అవ్వగానే ఆడొద్దు, ఎండాకాలం అయితే పొద్దున పీరియడ్‌లోనే. రెండు వంతుల మధ్య 2 నిమిషాలు నీళ్ళకి.

ఇప్పటిదాకా మూడుసార్లు ఆడాం, చివరిసారి 9-7. ఆగిపోయినవాళ్ళు ఎక్కువసేపు నిలబడాల్సి వస్తోంది, అదొక్కటి ఇంకా సరిచేయాలి, అర నిమిషం తర్వాత వాళ్ళంతట వాళ్ళే ఇంటికి నడిచి వెళ్ళేలా పెట్టి గురువారం పీరియడ్‌లో మీ ముందు ఆడి చూపిస్తాం సార్.