ఆవిరి ఆటోక్లేవ్ వ్యాలిడేషన్ ప్రోటోకాల్: సీఎస్‌ఎస్‌డీ, ఆటోక్లేవ్-2

పత్రం సంఖ్య: సీఎస్‌ఎస్‌డీ/వీపీ/04, మొదటి కూర్పు
స్థలం: హైదరాబాద్‌లోని మన 350 పడకల ఆస్పత్రి, సెల్లార్‌లోని స్టెరైల్ విభాగం
రాసినది: బయోమెడికల్ ఇంజనీర్
పరిశీలన: సీఎస్‌ఎస్‌డీ ఇన్‌చార్జ్, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు
ఆమోదం: మైక్రోబయాలజిస్ట్

1. ఎందుకు, ఇప్పుడే ఎందుకు

ఆటోక్లేవ్-2 రెండు తలుపుల ప్రీ-వాక్యూమ్ యంత్రం. చాంబర్ సుమారు 450 లీటర్లు, ఆవిరి సొంత ఎలక్ట్రిక్ జనరేటర్ నుంచి వస్తుంది. దీని వాక్యూమ్ పంపు మార్చారు, జనరేటర్‌కు కొత్త ఆర్‌వో నీటి లైను కలిపారు. ఎముకల ఆపరేషన్లకు వెండర్లు తెచ్చే బరువైన సెట్లు కూడా ఇప్పుడు ఇందులోనే పెడుతున్నాం. పాత వ్యాలిడేషన్ ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ వర్తించదు. కాబట్టి పాత రిపోర్టు చూపించి యంత్రాన్ని వాడటానికి వీల్లేదు.

ప్రింటవుట్‌లో 134 డిగ్రీలు పడితే చాంబర్ డ్రైన్ దగ్గర అంత వేడి ఉందని మాత్రమే తెలుస్తుంది. మూట నడుమ గాలి చిక్కుకుంటే అక్కడికి ఆవిరి చేరదు, ప్రింటవుట్ మాత్రం బాగానే కనిపిస్తుంది. రోగి శరీరంలోకి వెళ్లేది మూటలోని పరికరమే కాబట్టి ఈ ప్రోటోకాల్‌లోని ప్రతి కొలతా మూట లోపలి సంగతిని పట్టుకోవడానికే ఉంది.

పరీక్షలకు ఆధారం ఐఎస్‌వో 17665, ఈఎన్ 285 ప్రమాణాలు.

2. ఏ సైకిళ్లు, ఏవి కావు

వ్యాలిడేట్ చేసేవి రెండు. ఒకటి 134 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు: చుట్టిన పరికరాలు, లినెన్, లాపరోస్కోపీ గొట్టాలు. రెండోది 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు: రబ్బరు, వేడికి తట్టుకునే ప్లాస్టిక్. మూత బిగించిన సీసాల్లోని ద్రవాలు, చుట్టకుండా పెట్టే అత్యవసర పరికరాలు ఈ ప్రోటోకాల్ పరిధిలో లేవు. వాటిని ఆటోక్లేవ్-2లో పెట్టకూడదు.

3. ఎవరి పని ఏది

లాగర్, సెన్సర్లు, లెక్కలు బయోమెడికల్ ఇంజనీర్ చూస్తారు. లోడ్ కట్టడం రోజూ కట్టే టెక్నీషియన్లే చేయాలి. ప్రత్యేకంగా అందంగా కట్టిన లోడ్‌తో పాసైతే ఆ ఫలితానికి విలువ లేదు. స్పోర్ వయల్స్‌ను మైక్రోబయాలజీ విభాగమే ఇంక్యుబేట్ చేసి చదువుతుంది. పరీక్ష నడిపిన వ్యక్తి ఆ పరీక్షకు ఆమోద సంతకం చేయకూడదు.

4. మొదలుపెట్టే ముందు

12 థర్మోకపుల్స్, ఒక సంపూర్ణ పీడన సెన్సర్ ఉన్న లాగర్ వాడాలి. వీటికి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన, గడువు దాటని కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. అయినా పరీక్షలకు ముందు, తర్వాత డ్రై బ్లాక్‌లో 121, 134 డిగ్రీల దగ్గర సరిచూడాలి. తర్వాతి తనిఖీలో ఏ సెన్సరైనా 0.5 డిగ్రీకి మించి తేడా చూపిస్తే ఆ సెన్సర్ వాడిన రన్‌లు చెల్లవు.

పీడనం విషయంలో ఒక జాగ్రత్త. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ వాతావరణ పీడనం దాదాపు 950 మిల్లీబార్లు. 134 డిగ్రీల సంతృప్త ఆవిరికి సంపూర్ణ పీడనం 3.04 బార్. అంటే మన డయల్ గేజ్ సుమారు 2.09 బార్ చూపాలి. మాన్యువల్‌లో సముద్రమట్టానికి ఇచ్చిన అంకెతో పోల్చి ‘పీడనం ఎక్కువ’ అని సెట్టింగ్ తగ్గించవద్దు. లెక్కలన్నీ సంపూర్ణ పీడనంలోనే రాయాలి.

5. ఇన్‌స్టలేషన్ తనిఖీ

పంపు, వాల్వులు, ఫిల్టర్, సేఫ్టీ వాల్వు సర్టిఫికెట్, డ్రాయింగుతో పైపుల పోలిక, కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ చూసి నమోదు చేయాలి. పీడనం ఉండగా తలుపు తెరుచుకోకూడదు, రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోకూడదు. ఈ రెండింటినీ యంత్రం మీద చేసి చూడాలి. కాగితం మీద టిక్కు సరిపోదు.

జనరేటర్‌కు వెళ్లే నీటి వాహకత సెంటీమీటరుకు 5 మైక్రోసీమెన్స్ దాటకూడదు. వేసవిలో మనకు ట్యాంకర్ నీళ్లు వస్తాయి, వాటి గుణం ట్యాంకరు ట్యాంకరుకూ మారుతుంది. కాబట్టి నమూనా సంపు నుంచి తీసుకుంటే లాభం లేదు. ఆర్‌వో తర్వాత, జనరేటర్‌లోకి వెళ్లే చోట తీసుకోవాలి.

6. ఆపరేషనల్ పరీక్షలు

ఈ పరీక్షలు ఇదే వరుసలో చేయాలి. ముందుది పాస్ కాకుండా తర్వాతది మొదలుపెట్టకూడదు.

లీక్ పరీక్ష. చాంబర్ ఖాళీగా, పొడిగా, జాకెట్ వేడి నిలకడగా ఉండాలి. పీడనం 70 మిల్లీబార్లకు లేదా అంతకంటే కిందికి దిగాక వాల్వులు మూసి 5 నిమిషాలు ఆగాలి. మిగిలిన తడి ఆవిరై పీడనం పెరిగితే దాన్ని లీక్ అని పొరబడకుండా ఉండటానికే ఈ ఆగడం. తర్వాతి 10 నిమిషాల్లో పెరుగుదల 13 మిల్లీబార్లు మించకూడదు, అంటే నిమిషానికి 1.3.

ఆవిరి నాణ్యత. చాంబర్‌కు దగ్గరి సరఫరా పైపు మీది ట్యాపింగ్ నుంచి కొలవాలి. ఘనీభవించని వాయువులు 3.5 శాతం లోపు, పొడితనం 0.95 లేదా ఎక్కువ, సూపర్‌హీట్ 25 డిగ్రీల లోపు. వాయువులు ఎక్కువగా వస్తే ముందు ఫీడ్ ట్యాంకు నీటి వేడి చూడాలి. చల్లటి నీరు నేరుగా జనరేటర్‌లో పడితే అందులో కరిగిన గాలి ఆవిరితో పాటు లోడ్‌లోకే వస్తుంది. పొడితనం తగ్గితే స్టీమ్ ట్రాప్, సెపరేటర్ చూడాలి. మన వెట్ ప్యాక్ ఫిర్యాదులకు ఇక్కడే కారణం దొరకవచ్చు, కాబట్టి ఈ పరీక్షకు తొందర వద్దు.

బోవీ-డిక్. యంత్రం వేడెక్కాక, వేరే లోడ్ లేకుండా, ప్యాక్‌ను డ్రైన్ పైన కింది అరలో ఒంటరిగా పెట్టాలి. 134 డిగ్రీల దగ్గర 3.5 నిమిషాలు, అంతకు మించి కాదు. సమయం పెంచితే గాలి మిగిలిన చోట కూడా రంగు మారిపోయి లోపం కప్పుకుపోతుంది. షీటు నడుమ, అంచుల రంగు ఒకేలా ఉండాలి. నడుమ లేత మచ్చ కనిపిస్తే ‘కొంచెమే కదా’ అని వదలకూడదు, అది ఫెయిల్.

చిన్న లోడ్ పరీక్ష. 7 కిలోల ప్రామాణిక కాటన్ ప్యాక్ ఒక్కటే పెట్టి, లోపల సెన్సర్లు అమర్చి 134 సైకిల్ నడపాలి. నిండు లోడ్ పాసైతే ఒక్క ప్యాక్ తేలిగ్గా పాసవుతుందని మన టెక్నీషియన్లు చాలామంది అనుకుంటారు. నిజానికి ఖాళీ చాంబర్‌లో మిగిలిన గాలి మొత్తం ఆ ఒక్క మూటలోకి తోసుకుపోతుంది. ఆదివారం రాత్రి ఎమర్జెన్సీకి ఒకే సెట్ పెట్టి నడిపే పరిస్థితి మనకు మామూలే కాబట్టి ఈ పరీక్షను ఏ కారణంతోనూ వదలకూడదు.

7. పెర్ఫార్మెన్స్ పరీక్షలు

లోడ్‌లు ఇవీ. ‘అ’: గౌన్లు, డ్రేప్‌ల మూటలతో నిండిన లినెన్ లోడ్. ‘ఆ’: జనరల్ సర్జరీ ట్రేలతో నిండిన మెటల్ లోడ్, అందులో కింది అరలో 9.5 కిలోల మోకాలి మార్పిడి వెండర్ సెట్. ‘ఇ’: ట్రోకార్లు, క్యాన్యులాలు ఉన్న లాపరోస్కోపీ లోడ్. ‘ఈ’: 121 సైకిల్‌కు రబ్బరు, సిలికోన్ లోడ్. ఒక్కో లోడ్‌కు వరుసగా మూడు సైకిళ్లు పాస్ కావాలి. 10 కిలోలు దాటిన సెట్‌ను వెండర్ తెచ్చినా విడగొట్టి రెండుగా ప్యాక్ చేయాలి, లేదా వెనక్కి పంపాలి.

12 సెన్సర్లలో ఒకటి డ్రైన్‌లో యంత్రం సొంత సెన్సర్ పక్కన, ఒకటి ఖాళీ చోట, మిగతా పది మూటల లోపల. లినెన్‌లో మడతల నడిబొడ్డున, మెటల్‌లో అత్యంత బరువైన పరికరం కింద లోహానికి తగిలేలా ఉంచాలి. తీగ దూరిన చోట చుట్టు వదులైతే ఆవిరికి దొంగదారి దొరికి ఫలితం ఉన్నదానికంటే బాగా వస్తుంది. అందుకే సన్నటి తీగ వాడి, చుట్టును మామూలు బిగువుతోనే కట్టాలి. ప్రతి సెన్సర్ స్థానాన్ని ఫొటో తీసి రిపోర్టులో పెట్టాలి.

సన్నటి గొట్టంలోకి తీగ దూర్చితే గొట్టం స్వభావమే మారిపోతుంది. అందుకే ‘ఇ’ లోడ్‌లో 1.5 మీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న హాలో పరీక్ష గొట్టాన్ని, దాని చివరి క్యాప్సూల్‌లో ఇండికేటర్‌తో పెట్టాలి.

ప్రతి సైకిల్‌లోనూ పది లక్షల జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ స్పోర్లున్న వయల్స్‌ను సెన్సర్ల పక్కనే ఉంచాలి. అదే బ్యాచ్ నుంచి, స్టెరిలైజ్ చేయని ఒక వయల్‌ను పోలిక కోసం కలిపి 56 డిగ్రీల దగ్గర 48 గంటలు ఇంక్యుబేట్ చేయాలి. పోలిక వయల్‌లో పెరుగుదల లేకపోతే మిగతా వయల్స్ ‘నెగెటివ్’ అన్నా ఒప్పుకోము.

8. పాస్ అంటే ఏమిటి

134 సైకిల్‌లో డ్రైన్ 134 డిగ్రీలు చేరిన 15 సెకన్లలోపు మూటల్లోని అన్ని సెన్సర్లూ చేరాలి. ఆ తర్వాత 4 నిమిషాలూ ప్రతి సెన్సర్ 134, 137 డిగ్రీల మధ్యే ఉండాలి, ఏ క్షణంలోనూ వాటి మధ్య తేడా 2 డిగ్రీలు మించకూడదు. 121 సైకిల్‌కు ఇవే నియమాలు, పరిధి 121 నుంచి 124, కాలం 20 నిమిషాలు. కొలిచిన పీడనానికి సరిపడే సంతృప్త ఆవిరి ఉష్ణోగ్రతను లెక్కగట్టి కొలిచిన వేడితో పోల్చాలి. సగటులు తీయకూడదు. పన్నెండింటిలో ఒక్క సెన్సర్ ఫెయిలైనా ఆ చోట మూట ఫెయిలైనట్టే.

అందిన వేడి 121.1 డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలకు సమానమో చెప్పే ఎఫ్-నాట్ విలువను ప్రతి సెన్సర్‌కూ లెక్కించాలి; T సెన్సర్ చూపిన డిగ్రీలు, Δt రెండు రీడింగుల మధ్య నిమిషాలు:

```
F0 = Δt × Σ 10^((T − 121.1)/10)
```

134 దగ్గర 4 నిమిషాలకు ఇది సుమారు 78. కానీ దీని ఒక్కదాని మీదే పాస్ ఇవ్వకూడదు. 130 దగ్గరే ఆగిపోయి 12 నిమిషాలు నిలిచిన మూటకు కూడా లెక్కలో 93 వస్తుంది. అక్కడ చిక్కుకున్నది గాలి అయితే ఈ సూత్రమే వర్తించదు, ఎందుకంటే ఇది సంతృప్త ఆవిరికి రాసిన లెక్క.

తడి: లోడ్‌ను ముందు తూచి, సైకిల్ అయిన 5 నిమిషాల్లో మళ్లీ తూచాలి. పెరుగుదల లినెన్‌కు 1 శాతం, మెటల్‌కు 0.2 శాతం మించకూడదు. తూకం సరిగ్గా ఉన్నా ట్రే లోపల నీటి చుక్కలు కనిపిస్తే ఫెయిల్.

9. ఫెయిలైతే

రన్ ఆపి, కారణం కనిపెట్టి, సరిచేసి, ఆ లోడ్‌కు మూడు సైకిళ్లూ మొదటి నుంచి చేయాలి. మూడింటిలో రెండు పాసయ్యాయన్న వాదన చెల్లదు. కారణం దొరక్కుండా మళ్లీ నడిపి పాస్ చేయించుకోవడం కూడా చెల్లదు. ఫెయిలైన రన్ రికార్డును తీసేయకూడదు, రిపోర్టులో భాగంగా ఉంచాలి.

వ్యాలిడేషన్ నడుస్తున్నన్నాళ్లూ ఆటోక్లేవ్-1 మీదే భారం పడుతుంది. ఆ రోజుల్లో ముందుగా వేసుకున్న మోకాలి ఆపరేషన్లను తగ్గించి లిస్టు వేయమని థియేటర్ ఇన్‌చార్జ్ సిస్టర్‌కు వారం ముందే చెప్పాలి. థియేటర్ నుంచి ఎంత ఒత్తిడి ఉన్నా పరీక్ష లోడ్‌లోని ఒక్క సెట్ కూడా వాడకానికి ఇవ్వకూడదు. పరీక్షలయ్యాక వాటిని విప్పి, మళ్లీ ప్యాక్ చేసి, ఆటోక్లేవ్-1లో వేయాలి.

10. ఆ తర్వాత

మొత్తం పెర్ఫార్మెన్స్ పరీక్ష ఏడాదికోసారి. పంపు, కంట్రోలర్, ఆవిరి లేదా నీటి వనరు, చుట్టే బట్ట మారినా, పరీక్షించినదానికంటే బరువైన సెట్ వచ్చినా వెంటనే చేయాలి. గాస్కెట్ మారిస్తే లీక్ పరీక్ష, బోవీ-డిక్ చాలు. రోజువారీగా ఉదయం మొదట బోవీ-డిక్, వారానికోసారి లీక్ పరీక్ష, వారానికోసారి స్పోర్ పరీక్ష. ఇంప్లాంట్ ఉన్న ప్రతి లోడ్‌లో స్పోర్ వయల్ పెట్టాలి, ఫలితం వచ్చేవరకు ఆ లోడ్ క్వారంటైన్ అరలోనే ఉంటుంది.

పాసైన లోడ్‌ల ఫొటోలు, బరువులు, అమరిక యంత్రం పక్కన గోడ మీద అతికించాలి, టెక్నీషియన్లు లోడ్‌లను అలాగే కట్టాలి. లాగర్ ఫైళ్లు, ప్రింటవుట్లు, వయల్ ఫలితాలు, ఫొటోలు అన్నీ చూశాకే మైక్రోబయాలజిస్ట్ రిలీజ్ సంతకం చేస్తారు. ఆ సంతకం పడేవరకు ఆటోక్లేవ్-2 తలుపు మీది ‘వాడకూడదు’ బోర్డు తీయకూడదు.