చీరల ఆర్డర్ల గడువు, కనీస సంఖ్య తగ్గించాలని విజ్ఞప్తి

హైదరాబాద్,
9 జూన్ 2025

భూదాన్ పోచంపల్లి చేనేత చీరల టోకు వ్యాపారి గారికి,

నమస్కారం.

చిక్కడపల్లిలోని మా కొట్టుకు నాలుగేళ్లుగా మీ నూలు చీరలే తెప్పించుకుంటున్నాం. ఉతికినా రంగు దిగదని మా దగ్గర కొన్నవాళ్లు మళ్లీ మీ సరుకే అడుగుతారు. అందుకే వేరేచోట వెతుక్కోకుండా మా ఇబ్బంది మీకే చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు ఆర్డర్ ఇచ్చిన 60 రోజులకు గానీ సరుకు అందడం లేదు. పైగా ఒక్కో డిజైన్‌లో ఒక్కో రంగుకు కనీసం 8 చీరలు తీసుకోవాలి. నాలుగు రంగులు కావాలంటే 32 చీరలు. పెద్ద షోరూములకు ఇదొక లెక్క కాదు, మాకైతే పెట్టుబడంతా అక్కడే ఇరుక్కుపోతోంది. గత దసరాకు ముదురాకుపచ్చ చీరలు వారంలో అయిపోయాయి. మళ్లీ తెప్పిద్దామనుకుంటే అప్పటికి పండుగే దాటిపోతుంది. అదే డిజైన్‌లో పసుపుపచ్చవి ఇంకా బీరువాలోనే ఉన్నాయి. మడతల దగ్గర దారం చీలకుండా నెలకోసారి విప్పి, మడత మార్చి పెడుతున్నాం.

చిటికి పనిలో తొందర కుదరదని నాకు తెలుసు. నూలుకు కట్లు కట్టి, ఒక్కో రంగూ అద్ది, ఆరబెట్టి, పడుగు మగ్గం ఎక్కేసరికే చాలా రోజులు పడుతుంది. నేతన్నలను తరమమని అడగడం లేదు. మా దగ్గర ఏడాది పొడవునా అమ్ముడయ్యే డిజైన్లు మూడే. వాటికి మాత్రం అద్దిన పడుగు ముందే సిద్ధంగా ఉంచితే మిగిలేది నేత పనే కాబట్టి 30 రోజుల్లో సరుకు ఇవ్వగలరని నా నమ్మకం. కొత్త డిజైన్లకు 60 రోజులు ఆగడానికి నాకు అభ్యంతరం లేదు.

సంఖ్య విషయానికొస్తే, మీ పడుగుకు 8 చీరలు దిగుతాయి కనుకే ఆ నియమం పెట్టారని గ్రహించాను. పడుగు మార్చనక్కర్లేదు. నాలుగు చీరలు నేశాక పేక రంగు మార్చితే ఒకే పడుగులో రెండు ఛాయలు వస్తాయి. రంగుకు నాలుగు చొప్పున ఇప్పించండి. దారం మార్చే శ్రమకు చీరకు 40 రూపాయలు అదనంగా ఇస్తాను. ఆ డబ్బు నేసేవాళ్లకే చేరాలని నా కోరిక.

మా వైపు నుంచి ఆర్డర్‌తోనే సగం డబ్బు, సరుకు అందిన రోజే మిగతా సగం చెల్లిస్తాం. నేత లోపం ఉంటే తప్ప ఏ చీరా వాపసు పంపం. వచ్చే నెల ఏమేం కావాలో ప్రతి నెలా 5వ తేదీలోగా రాసి పంపుతాం.

ఈసారి శ్రావణం జూలై 25న మొదలవుతోంది, ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. పాత గడువు ప్రకారమైతే ఈ రోజు ఆర్డర్ ఇచ్చినా సరుకు వ్రతం రోజుకు గానీ చేరదు, అమ్ముకునే వ్యవధి ఉండదు. కాబట్టి ముందుగా 24 చీరలకు, అంటే మూడు పడుగులకు ఈ పద్ధతిలో చేసి చూడమని కోరుతున్నాను. ఈ నెల 14లోగా మీ మాట తెలిపితే అదే రోజు అడ్వాన్సు పంపుతాను. రంగుల నమూనా దారాలు ఈ ఉత్తరంతో జతచేశాను.

ఇట్లు,
చీరల దుకాణం యజమానురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్